రాతిలో ఒక మాటకు వదిలిన జాగా

ఏం ఉద్యోగం చేశారని పిల్లలు అడిగితే చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే. నేను అనువాదం చేసేవాణ్ని కాను, ఇతరులు చేసిన అనువాదాన్ని విప్పేవాణ్ని. దర్జీ కుట్టిన చొక్కా కుట్లు ఊడదీసి, మొదట్లో గుడ్డ ఎట్లా ఉండేదో చెప్పమంటే ఎట్లా ఉంటుందో, అట్లాంటి పని. మా ఆఫీసులో దాన్ని తిరుగు అనువాదం అనేవాళ్లం. కొండల్లో, తండాల్లో మాట్లాడే భాషల్లోకి మా వాక్యగ్రంథాన్ని, అంటే బైబిలును, తెచ్చేవాళ్లు కొందరు. వాళ్లు రాసినదాన్ని, మూలం చూడకుండా, ఉన్నది ఉన్నట్టు మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పేవాళ్లం కొందరం. ఆ ఇంగ్లీషును మూలం పక్కన పెట్టి చూస్తే దారి ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. మూలం తెలిసినవాడు ఈ పనికి పనికిరాడు. తెలియకుండానే సర్దేస్తాడు. తెలియకపోవడమే మా అర్హత. ఆ అర్హత నాకు పుష్కలంగా ఉందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

రిటైరై నంద్యాలలో కూర్చున్నాక ఒక బౌద్ధ భిక్షువు మా ఇంటికి వచ్చాడు. సింహళ దేశం మనిషి, నడివయసువాడు. ఊరి చివర ఎవరో భక్తులు కట్టిస్తున్న చిన్న ధ్యానమందిరంలో ఉంటున్నాడు. తెలుగు వ్యాకరణం పుస్తకంలో నేర్చుకున్నాడు కాబట్టి ఆయన మాట మన మాట కంటే శుభ్రంగా ఉండేది.

"అయ్యగారూ, తమరు తిరుగు అనువాదము చేయుదురని వింటిని" అన్నాడు గుమ్మంలోనే.

మాలో అయ్యగారంటే చర్చి పాస్టరు. నన్నట్లా పిలవొద్దని చెప్పాను. వినయంగా తల ఊపి, "అట్లే అయ్యగారూ" అన్నాడు.

ఆయన లోపలికి రాగానే మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఇన్నేండ్లు మన దేవుని పని చేసి, ముసలితనంలో ఇంకొకరి పనికి పోతావా?"

"పని దేవునిది కాదే, భాషది" అన్నాను.

"జీతం?"

"అది మాత్రం దేవుడే చూసుకోవాలి" అన్నాను. కాఫీ పెట్టింది గానీ, నాకు చక్కెర వేయలేదు.

ఆయన తెచ్చింది పాళీలోని ఒక చిన్న సూత్రం. తెలుగులోకి అంతకుముందు ఎవరైనా తెచ్చారేమో నాకు తెలియదు. మన జిల్లాలో పొలం పనికి పోయేవాళ్లకు అర్థమయ్యే తెలుగులోకి మాత్రం ఎవరూ తేలేదని ఆయన బాధ. సూత్రం సాగే తీరు ఇది. మనిషి తన మనసును నాలుగు రకాల గుణంతో నింపుకొని, ఆ మనసును నాలుగు దిక్కులకూ, పైకీ కిందికీ, అంతటికీ పరచాలి. ఒకే పేరా నాలుగుసార్లు వస్తుంది. ప్రతిసారీ ఒక్క మాటే మారుతుంది, ఆ గుణం పేరు. పాత ప్రతుల్లో అయితే తిరిగి వచ్చే భాగాన్ని 'పె' అనే గుర్తుతో మింగేస్తారట. ఈయన మాత్రం నాలుగుసార్లూ పూర్తిగా రాశాడు. "వినేవారికి మరల మరల వినుటయే సాధన" అన్నాడు.

ఇంకొక సంగతి. మందిరం తెరిచే పౌర్ణమికి ఈ తెలుగు పాఠాన్ని నల్లరాతి పలక మీద చెక్కించి గోడకు నిలబెట్టాలి. పలకను అప్పటికే ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక శిల్పికి అప్పగించారు. కాగితం మీద తప్పుంటే మలి ముద్రణ ఉంటుంది. రాతికి మలి ముద్రణ లేదు.

మా పద్ధతిలో తిరుగు అనువాదంతో పాటు ఇంకొక పరీక్ష ఉంది. ఆ పుస్తకం మొహం చూడనివాళ్లను కూర్చోబెట్టి, రెండుసార్లు చదివి వినిపించాలి. "అర్థమైందా?" అని మాత్రం ఎప్పుడూ అడగకూడదు. అడిగితే ఈ దేశంలో కాలేదని చెప్పేంత అమర్యాద ఎవరికీ లేదు. "ఇంటికి పోయి మీవాళ్లకు ఇదే చెప్పాలంటే ఎట్లా చెప్తారు?" అని అడగాలి. అప్పుడు బయటపడుతుంది.

మా వరండాలో ఇద్దరిని కూర్చోబెట్టాను. ఒకాయన మా వీధి మొదట్లో కిరాణా అంగడి శెట్టిగారు. రెండో ఆమె ఆస్పత్రిలో ఆయాగా చేసి మానుకున్న మనిషి, మా చర్చిలోనే పాటలకు గొంతెత్తేది. ఆమెకు ఒక్కడే కొడుకు, ఆటో తోలతాడు. సాయంత్రమైతే తాగుడు, ఆటో ఒక దారిన, అతను ఒక దారిన. ప్రతి రోజూ ఈమె పోయి వెతికి, భుజానికేసుకొని తీసుకొచ్చి, కడిగి, అన్నం తినిపించి పడుకోబెట్టేది. వీధిలో అందరికీ తెలిసిన సంగతే.

భిక్షువు ఒక మూల కూర్చున్నాడు. చదివింది నేను. మొదటి రెండు గుణాలు మైత్రి, కరుణ. బాగానే దాటాం. మూడోది ముదిత. ఇతరుల సంతోషం చూసి సంతోషించడమని పాళీలో దాని అర్థమట. శెట్టిగారు చెయ్యెత్తాడు.

"సార్, ముదిత మనసుతో అంటాండారే, ఆ యమ్మ ఎవురు? యా ఊరు?"

తెలుగు కావ్యాల్లో ముదిత అంటే ఆడమనిషి అని భిక్షువుకు వివరించాల్సి వచ్చింది. నాలుగు దిక్కులా ఒక ముదితను నింపుకొన్న మనసు భిక్షువుకు తగదని కూడా. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పదం అక్కడికక్కడే మార్చుకున్నాడు.

నాలుగోది ఉపేక్ష. ఆయా ముందుకు వంగి రెండుసార్లూ విన్నది. ఇంటికి పోయి ఎట్లా చెప్తావమ్మా అంటే, తడుముకోకుండా చెప్పింది. "ముందు ప్రేమగా ఉండు. మల్లా జాలి పడు. వాళ్లు బాగుంటే సంతోషపడు. కడాకు పట్టించుకోకుండా ఇడిసిపెట్టు. అంతే గదన్నా?"

"ఇడిసిపెట్టమని యాడుంది?" అని అడిగాను.

"ఉపేక్ష అంటివి గదా. జ్వరాన్ని ఉపేక్షించవద్దు అని మా ఆస్పత్రి గోడ మింద ఇంతింత అచ్చరాలుండాయి. దినామూ దాని కిందనే ఊడిసేదాన్ని, నాకు తెలీదా?"

లేచేటప్పుడు, "మంచి మాట చెప్పినారన్నా" అంది.

నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. మూలం తెలియనివాణ్ని కదా. సన్యాసుల సూత్రం, చివరికి వదిలేయమనే ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఆ వారంలో నా తిరుగు అనువాదం పూర్తిచేసి ఇచ్చాను. నాలుగో పేరాలో 'నెగ్లెక్ట్ మనసుతో' అని ఇంగ్లీషులో శుభ్రంగా రాశాను.

భిక్షువు అది చదివి, కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా సింహళములో ఈ మాట నిత్యము వాడుదుము, అయ్యగారూ. మా అమ్మ వాడేది. దాని అర్థము ఇది కానే కాదు."

అప్పుడు చెప్పాడు. పాళీలో ఆ మాటను విడదీస్తే 'దగ్గరగా' అనేది ఒక ముక్క, 'చూడటం' అనేది ఇంకో ముక్క. వ్యాఖ్యాతలు ఒక తల్లి ఉపమానం చెప్తారట. పసిబిడ్డ మీద తల్లికి మైత్రి. జబ్బుపడ్డ బిడ్డ మీద కరుణ. వయసుకొచ్చి కళకళలాడే బిడ్డను చూస్తే సంతోషం. తన పని తాను చేసుకుపోయే బిడ్డ మీద ఉండేది ఈ నాలుగోది. వాడి గురించి కంగారు పడదు, అట్లాగని వాడు బిడ్డ కాకుండా పోడు. గుర్రాలు సమంగా పరుగెత్తుతుంటే సారథి కళ్లేలు పట్టుకొని ఊరికే చూస్తుంటాడే, ఆ చూపు అట. మన సంస్కృతం మాటల్లో చాలా వాటికి మల్లే ఇది కూడా తెలుగులోకి వచ్చేటప్పటికి దారిలో ఎక్కడో బస్సు మారింది.

మిగతా మాటలు ప్రయత్నించాం. పెట్టిన ప్రతి మాటనూ శెట్టిగారి మీద, అంగడికి వచ్చేవాళ్ల మీద పరీక్షించాను. సమభావం అంటే "రేషన్ అంగట్లో అందరికీ ఒకే తూకం" అన్నారు. తటస్థత అంటే "ఎలచ్చన్లలో రెండు పార్టీల బిర్యానీ తినేటోడు" అన్నాడు శెట్టిగారు. నిర్లిప్తత అంటే ఎవరికీ తెలియలేదు. నిండుకుండ తొణకదు అంటారు కదా అని, "తొణకని మనసు" అని పెట్టి చూశాను. ఒక రైతు ఆలోచించి, "గుండె రాయి చేసుకున్నోడప్పా" అన్నాడు. పాళీ మాటే ఉంచి కింద వివరణ ఇద్దామంటే రాతి పలకకు కింద జాగా లేదు.

భిక్షువు దగ్గర ఇంకొక కట్టుబాటు ఉంది. మూలంలో ఒక మాటకు తెలుగులోనూ ఒకే మాట ఉండాలి, నాలుగు గుణాలూ నాలుగు పేర్లుగానే నిలబడాలి. ఆయన గురువు అట్లాగే నేర్పాడట. నేను చెప్పి చూశాను. మాటకు మాట దొరకనప్పుడు, ఆ మాట చేసే పనిని చెప్పడం మాలో తప్పు కాదని. "పేరుకు బదులు వాక్యము పెట్టిన, మందిరములో దీనిని పాడువారికి లయ తప్పును" అన్నాడు. అక్కడే ఆగిపోయాం. వారాలు గడిచాయి.

ఆళ్లగడ్డ నుంచి శిల్పి ఫోన్ చేశాడు. "సార్, ఎర్రరంగుతో అచ్చరాలు గీసుకొని చెక్కుకుంటా వస్తిని. మూడు పేరాలు అయిపాయె. నాలుగో దాంట్లో మీరు కొట్టేసిన మాట కాడ నిలబడినా. ఏం పెట్టాల?"

"జాగా వదిలి ముందుకు పో, అన్నా."

"ఎంత జాగా?"

"ఉపేక్షకు ఎంత పడుతుందో అంత."

"మూడచ్చరాలు. సరే. రాయి తీసేది మా చేతిలో ఉండాది గానీ, మల్లా పెట్టేది లేదు సార్. యోచన చేసి చెప్పండి."

పౌర్ణమి దగ్గరపడింది. ఒక ఉదయం భిక్షువూ నేనూ ఆళ్లగడ్డకు బయల్దేరాం. ఏదో ఒక మాట ఇచ్చేసి రావాలని ఆయన తీర్మానం. బస్టాండుకు పోయే దారిలో ఆయా ఇల్లు. ఇంటి ముందు ఆటో, ఆటో వెనక సీట్లో ముడుచుకొని కొడుకు. వేసవి పొద్దున దుప్పటి కప్పుకొని వణుకుతున్నాడు. ఇంటి తలుపు గడియ పెట్టి ఉంది.

తలుపు తట్టాను. ఆమె కిటికీలోంచి చూసింది.

"వాడు బయట పడున్నాడే, చూశావా అక్కా?"

"చూస్తే గదా. నేను ఇడిసిపెట్టినా అన్నా."

"ఎప్పటి నుంచి?"

"మీ వరండాలో నువ్వు సదివినావే, ఆ పొద్దు నుంచి. దినామూ దేవులాడి దేవులాడి నా ఇల్లు గుల్లైంది గానీ వానికి బుద్ధి రాలా. దేవుని పుస్తకాల్లో గూడా అదే చెప్పినారంటే, నాదేం తప్పు?" అప్పుడు నా వెనక కాషాయం కనిపించింది ఆమెకు. "ఏం సామీ, అదే గదా మీరు రాసింది?"

మా వృత్తిలో వినేవాళ్లను పిలుస్తాం, అడుగుతాం, వాళ్లు చెప్పింది రాసుకుంటాం, పంపించేస్తాం. తర్వాత దిద్దుతాం. దిద్దింది తీసుకొని మళ్లీ వాళ్ల దగ్గరికి పోయి, అమ్మా అప్పుడు చదివింది తప్పు అని చెప్పే అలవాటు ఏ పద్ధతిలోనూ లేదు. విన్నవాళ్లు విన్నదాన్ని ఇంటికి తీసుకుపోతారని ఎవరికీ తట్టలేదు.

భిక్షువు ఆటో దగ్గరికి పోయి వంగి చూశాడు. కొడుకు కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. ఆయన తిరిగి కిటికీ దగ్గరికి వచ్చాడు. ఈసారి ఆయన తెలుగులో వ్యాకరణం లేదు.

"అమ్మా, నేను రాసిన మాట తప్పు. అది కాదు చెప్పింది."

"తప్పా?" ఆమె గొంతు పెరిగింది. "మల్లయితే ఏం చేయమంటావ్ సామీ? మల్లా పోయి మోసుకొచ్చేదా? కడిగేదా? కాళ్లు పట్టుకునేదా? నా వల్ల కాదు. ఇడిసిపెట్టకపోతే ఇంకేముండాది, చెప్పు!"

అప్పటిదాకా ఆయన వెతుకుతున్నది ఒక మాట. ఈమె అడుగుతున్నది తలుపు తీయాలా వద్దా అని. ఆయన ఆటో వైపు చూపించి, "ముందు వీడికి జబ్బు, అమ్మా. జబ్బుపడినవాడికి రెండో పేరా. నాలుగోది తర్వాత చూద్దాం" అన్నాడు.

ఆమె ఆయన వంక చూసింది. గడియ తీసింది. వచ్చి కొడుకు నుదుటి మీద కాదు, కనురెప్ప కిందికి లాగి చూసింది, ఆస్పత్రిలో చేసినట్టు. "కామెర్లు" అంది. ఇంకొక ఆటో పిలిచాం.

వార్డులో అప్పటికే ఆమెను ఎరిగినవాళ్లు ఉన్నారు. మంచం దొరికింది. సెలైన్ పెట్టారు. కొడుకుకు తెలివి వచ్చి, ఏడుపు మొదలుపెట్టాడు. "అమ్మా, ఇంక తాగనమ్మా, నీమింద ఒట్టు." ఇట్లాంటి ఒట్లు ఆమె చాలా విన్నది. నేను ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. స్టూలు లాక్కొని మంచం పక్కన కూర్చుంది. "సరేలే. చెయ్యి కదిలించొద్దు, సూది ఊడుతుంది" అంది. అంతే. తర్వాత సెలైన్ చుక్కల వంక, అతని మొహం వంక చూస్తూ ఉండిపోయింది.

డ్యూటీ నర్సు వచ్చి అడిగింది. "ఈయనకు దగ్గరుండేది ఎవరు?"

"నేనేమ్మా. నేను దగ్గరుండి చూస్తాండా."

భిక్షువు నా వైపు తిరిగాడు. "దగ్గరుండి అనగా?"

"రోగికి తోడుగా ఉండేవాళ్లను ఇక్కడ అట్లాగే అంటారు. పెళ్లయినా, ఇల్లు కట్టినా దగ్గరుండి చూసుకున్నాడు అంటాం. చెయ్యి పెట్టినా పెట్టకపోయినా, అక్కడే ఉంటాడు, చూస్తుంటాడు."

ఆయన భోజనం వేళ మధ్యాహ్నం లోపే. ఆ తర్వాత తినకూడదు. వార్డు గడియారం పన్నెండు దాటింది. ఆయన ఆ వైపు చూడలేదు. గోడకు ఆనుకొని ఆమెనే చూస్తున్నాడు.

బయటికి వచ్చాక, "అయ్యగారూ, 'దగ్గరుండి చూడటం' ఒక్కటే పెట్టితే?" అన్నాడు.

"చాలదు సామీ. సాయంత్రమైతే కొడుకు వెంట పరుగెత్తిన ఆయా కూడా దగ్గరుండే చూసింది. కంగారు కూడా అందులో పడుతుంది."

"తొణకని మనసు?"

"అది రాయన్నారు కదా."

ఇద్దరమూ ఒకేసారి ఆగాం. రెండు మాటలూ విడివిడిగా తప్పినవే. ఒకటి దూరంగా జరుగుతుంది, ఒకటి మీద పడుతుంది. కలిపితే ఒకదాన్ని ఒకటి పట్టి ఆపుతాయి. 'దగ్గరుండి చూస్తూ తొణకని మనసుతో.'

"లయ పోవును" అన్నాడు ఆయనే. "పేరు కాదు, నాలుగు మాటలు. మా గురువుగారు ఒప్పుకోరు." మళ్లీ కొంచెం నడిచి, "గురువుగారిని ఆ కిటికీ ముందు నిలబెట్టి అడుగుదును" అన్నాడు.

దాన్ని తిరుగు అనువాదం చేయడానికి నేను పనికిరాను. నాకిప్పుడు మూలం తెలిసిపోయింది, అర్హత పోయింది. ప్యాపిలిలో నాలాగే రిటైరైన పాత సహోద్యోగి ఒకడున్నాడు. ఫోన్లో ఆ పేరా ఒక్కటి చదివి, తిప్పి చెప్పమన్నాను. ఏ పుస్తకమని అడిగాడు. చెప్పనన్నాను. గొణుక్కుంటూ తిప్పి, 'పక్కనే ఉండి చూస్తూ, ఒలికిపోని మనసుతో' అని అర్థం వచ్చే ఇంగ్లీషు చెప్పాడు. "ఇది మన పుస్తకంలో లేదే" అన్నాడు. లేదన్నాను. "ఉంటే బాగుండేది" అని ఫోన్ పెట్టేశాడు. మా కొలువులో అంతకంటే మెచ్చుకోలు నాకు ఎన్నడూ దక్కలేదు.

మరునాడు ఆళ్లగడ్డకు బయల్దేరాం. ఇంకొకరి దగ్గరికి ముందు పోదామన్నాడు భిక్షువు. ఆస్పత్రికి పోయి, ఆయాకు ఆ పేరా కొత్తగా చదివి వినిపించాం. దిద్దింది తిరిగి తీసుకుపోవడం నా ఉద్యోగ జీవితంలో అదే మొదలు. ఆమె విని, "ఇది కష్టం సామీ. ఇడిసిపెట్టేదే సులువు" అంది. అర్థమైందా అని అడగాల్సిన పని లేకపోయింది.

ఆళ్లగడ్డ చేరేసరికి శిల్పి పలకను చెట్టు నీడలో ఒరిగించి పెట్టాడు. చుట్టూ సగం చెక్కిన దేవుళ్లు. పలక మీద బారులు బారులుగా అక్షరాలు, నాలుగో పేరా మధ్యలో అరచేయంత నున్నటి రాయి. కొత్త మాట చూసి తల పట్టుకున్నాడు.

"ఏంది సామీ ఇది! మూడచ్చరాలకు జాగా ఇడిసిపెట్టమంటిరి. ఇప్పుడు ఊరేగింపును తెస్తిరి. ముందరా వెనకా చెక్కేసినా, యాడికి జరిపేది?"

"వేరే పలక?" అన్నాను నేను.

"పౌర్ణమికి కాదు. ఒక పని చేస్తా. ఈ జాగాలోనే రెండు బారులుగా చిన్నగా ఇరికిస్తా. మిగతావి దూరానికే కనపడతాయి, ఇది మాత్రం కనపడదు. నన్ను తిట్టొద్దు."

భిక్షువు ఆ నున్నటి జాగాను చేత్తో తడిమి, "అట్లే కానివ్వప్పా" అన్నాడు. అప్పా అనడం ఎప్పుడు నేర్చాడో నాకు తెలియదు.

మందిరం పౌర్ణమికి తెరుచుకుంది. పాడేవాళ్లకు నాలుగో పేరాలో లయ నిజంగానే తప్పింది. ఇప్పటికీ అక్కడికి వచ్చేటప్పటికి అందరూ ఒక అడుగు నెమ్మదిస్తారు. ఆయా కొడుకు తేరుకున్నాడు. పూర్తిగా మానేశాడని రాస్తే మీకు బాగుండేది. కొన్నాళ్లు మానాడు, మళ్లీ కొన్నాళ్లు తాగాడు. ఆమె వెతకడానికి పోదు. తలుపు గడియా పెట్టదు. వరండాలో మంచం వేసి, తాను గుమ్మంలో కూర్చుంటుంది.

ఆ మందిరానికి ఎప్పుడైనా పోతే పలక చూడండి. అందరూ దూరం నుంచే చదువుకుంటూ వస్తారు, మూడు పేరాలు దాటుతారు. నాలుగో దాని దగ్గర ఆగి, కళ్లు చిట్లించి, రెండడుగులు ముందుకు వేసి, వంగి, మొహం రాతికి ఆనేంత దగ్గరికి పెట్టి చూస్తారు.

శిల్పి ఇప్పటికీ ఆ పని బాగా కుదరలేదనే అంటాడు.